గాజు గొట్టం వెనుక టైంటేబులు

నంద్యాల చరిత్ర రాసినవాళ్ళు నవనందుల గురించి రాశారు, నల్లరేగడి గురించి రాశారు, ఊరికి రైలు వచ్చిన వైభవం గురించి రాశారు. 1961 జూన్ నెలలో ఒక గురువారం ఉదయం తొమ్మిది గంటల వేళ, రాజరత్నం అనే ల్యాబు ఉద్యోగి ఒక గాజు గొట్టం వెనుక చినిగిన కాగితం ముక్క పట్టుకున్న సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళ పాటు నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రజల మూత్రపిండాల యోగక్షేమాలను ఆ కాగితమే తేల్చింది. అంతటి ఘట్టాన్ని చరిత్రకారులు వదిలేయడం అన్యాయం.

మూత్రంలో ప్రోటీన్ పోతున్నదా లేదా చూసే పద్ధతి రాజరత్నం కనిపెట్టింది కాదు. గొట్టంలో ముప్పాతిక వంతు మూత్రం పోయాలి. కింది భాగాన్ని పట్టుకుని, గొట్టాన్ని కొంచెం వాల్చి, పైభాగాన్ని మాత్రమే స్పిరిట్ దీపం మీద కాచాలి. ప్రోటీన్ ఉంటే, కోడిగుడ్డు తెల్లసొన వేడికి తెల్లబారినట్టు, పైభాగం పొగబారుతుంది. కింది భాగం తేటగానే ఉంటుంది కాబట్టి రెంటినీ పోల్చి చూసుకోవచ్చు. తర్వాత పలుచని ఎసిటిక్ ఆసిడ్ నాలుగు చుక్కలు వేయాలి. పొగ కరిగిపోతే అది ఉత్త ఫాస్ఫేటు, దాని గురించి నిద్ర మానుకోనక్కరలేదు. పొగ నిలిస్తే ప్రోటీన్.

ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే. పొగ ఎంత చిక్కగా ఉందో తేల్చడానికి గొట్టం వెనుక అచ్చు అక్షరాలు పెట్టి చూడమని కూడా పుస్తకం చెప్పింది. పొగే లేక అక్షరాలు తేటగా కనపడితే నిల్, పొగలోంచి మసకగా చదవగలిగితే ఒక ప్లస్సు, చదవలేకపోతే రెండు, తునకలు తునకలుగా విరిగితే మూడు, గడ్డకడితే నాలుగు. ఏ అక్షరాలు అన్నది మాత్రం పుస్తకం చెప్పలేదు. రాజరత్నం చరిత్రలోకి అడుగుపెట్టింది ఈ ఖాళీలోంచే. ఆయన బావమరిది రైల్వేలో పాయింట్స్‌మన్. బావమరిది దగ్గర పడివున్న పాత టైంటేబుల్లోంచి నంద్యాల–ద్రోణాచలం పుట చింపి తెచ్చుకున్నాడు. అంకెలు చీమతలల్లా ఉంటాయి, అందువల్ల పరీక్ష కఠినంగా ఉంటుందని ఆయన వాదన. ద్రోణాచలం ప్యాసింజరు తేటగా కనపడితే రోగి క్షేమం. కనపడకపోతే డాక్టరు గదికి కబురు.

రాజరత్నానిది ఆళ్ళగడ్డ దగ్గర పల్లె. తండ్రి కూలి చేసి కొడుకును మిషన్ బడిలో మెట్రిక్ దాకా చదివించాడు. నంద్యాల స్టేషను రోడ్డులోని ఒక చిన్న నర్సింగ్‌హోములో ఊడ్చే పనిలో చేరి, అక్కడి పాత ల్యాబు మనిషి పక్కన నిలబడి నిలబడి పని నేర్చుకున్నాడు. ఆ పాత మనిషికి చూపు మందగించి సూక్ష్మదర్శినిలో ఈగ కాలును క్రిమి అని రాసిన మరునాడు ఆయనను ఇంటికి పంపేశారు. బల్ల రాజరత్నానికి దక్కింది. నాలుగడుగుల సిమెంటు గట్టు, పైన ఒక కిటికీ. చొక్కాకు ఆసిడ్ చిల్లులు పడ్డా ఆ గట్టు ముందు నిలబడితే ఆయన తహసీల్దారులా ఉండేవాడు. 1972లో డాక్టరు ప్రభావతి ఆ నర్సింగ్‌హోమును కొన్నప్పుడు బీరువాలు, మంచాలతో పాటు రాజరత్నం కూడా వచ్చాడు.

ప్రభావతి కర్నూలులో చదివింది. రక్తపోటు విషయంలో ఆమెకు పట్టుదల ఉండేది. పోటు ఎంతుందో కొలిచి ఊరుకుంటే సగం పనే అని, అది లోపల ఏయే చోట్ల దెబ్బకొట్టిందో వెతకాలని ఆమె మతం. అందుకు నాలుగు చోట్ల చూడాలి. మూత్రంలో ప్రోటీన్, కంటి వెనుక పొర, రక్తంలో యూరియా–క్రియాటినిన్ల లెక్క, గుండె గీతల పట్టీ. ఈ నాలుగింటినీ ఏడాదికోసారి చేయించుకోమని రోగులకు చెప్పేది. తలనొప్పి కూడా లేని మనిషికి నాలుగు పరీక్షలు రాసే డాక్టరును జనం మొదట అనుమానించారు. తర్వాత అలవాటు పడ్డారు.

ప్రతి మంగళవారం డాక్టరు, రాజరత్నం బస్సులో ఆళ్ళగడ్డ వెళ్ళేవాళ్ళు. గుండె గీతల యంత్రం రాజరత్నం ఒళ్ళో, కన్ను చూసే దీపం డాక్టరు సంచిలో. ఆళ్ళగడ్డలో గురుమూర్తి శెట్టి తన కిరాణా కొట్టు మేడమీది గది ఇచ్చాడు. అద్దె తీసుకోలేదు, కాని తన పరీక్షలు ముందుగా జరగాలని షరతు పెట్టాడు. గురుమూర్తికి పోటు 1974లోనే పట్టుబడింది. ఏటా నాలుగు పరీక్షలూ చేయించుకునేవాడు. ఏటా మూత్రం రిపోర్టులో రాజరత్నం గుండ్రని చేత్తో 'నిల్' అని రాసేవాడు. 1977 రిపోర్టును శెట్టి అద్దం కట్టించి, వాసవీమాత పటం పక్కన తగిలించాడు. బెల్లం కొనడానికి వచ్చినవాళ్ళు కూడా దాన్ని చూసి వెళ్ళాల్సి వచ్చేది.

1979 వేసవిలో రాజరత్నానికి అక్షరాలు అలుక్కుపోవడం మొదలైంది. పొద్దున్నే మెడ వెనుక నొప్పి. నొప్పిని స్పిరిట్ దీపం ఆవిరి మీదికి, చూపును నలభై ఎనిమిదేళ్ళ వయసు మీదికి తోసి, సంతలో మూడు జతల కళ్ళద్దాలు మార్చి చూశాడు. ఏ జతా పొగను తీసెయ్యలేదు. భార్య సలోమి బడిపంతులమ్మ, అక్షరాల విషయంలో ఆమెను మోసగించడం కష్టం.

"ఏందయ్యా, చెంబులో పొయ్యమంటే నీళ్ళు నేల మీద పోస్తాండావ్?" అన్నదామె ఒకరోజు.

"చెంబు పక్కకి జరిపినావ్ నువ్వు."

"నేనా? చెంబు ఆడనే ఉంది. పోయి డాక్టరమ్మకు చూపించుకో."

"చూపించుకుంటే ఏమైతాది? ముసిలాయన్ని పంపినట్టు నన్నూ పంపుతారు. గట్టు పోతాది. నోరు మూసుకో."

సలోమి నోరు మూసుకోలేదు, కాని డాక్టరుకు చెప్పనూ లేదు. గట్టు పోతే మొగుడు ఏమవుతాడో ఆమెకూ తెలుసు. ఆదివారం గుడిలో బైబిలు వాక్యం చదివే వంతు రాజరత్నానిదే. పుస్తకం తెరిచి, తలెత్తి, ఎదుటి గోడను చూస్తూ అధ్యాయమంతా ఒప్పజెప్పేవాడు. భక్తి ముదిరిందని సంఘం మెచ్చుకుంది. ఇక గట్టు దగ్గర సంగతి మరీ సులువు. పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్న పుట. నంద్యాల ఆరూ నలభై, పాణ్యం ఏడూ పది. గొట్టం ఎత్తగానే అంకెలు తమంతట తామే నోట్లోకి వచ్చేవి. తునకలు విరిగితే, గడ్డకడితే ఆయనకూ తెలిసేది కాబట్టి మూడు, నాలుగు ప్లస్సులు మామూలుగానే నమోదయ్యేవి. పలుచని పొగలు మాత్రం ఆ ఏడాది నంద్యాల తాలూకాలో, ఆళ్ళగడ్డ తాలూకాలో ఒక్కసారిగా అంతరించిపోయాయి. ఆయన మోసం చేస్తున్నానని అనుకోలేదు. చదువుతున్నాననే అనుకున్నాడు.

నవంబరులో ఒక మంగళవారం గురుమూర్తి ఏటి పరీక్షలు వచ్చాయి. డాక్టరు చేతికి పట్టీ చుట్టి పోటు చూసింది. రెండువందల ఆరు, కింద నూట ఇరవై నాలుగు. మళ్ళీ చూసింది. అంతే ఉంది.

"మాత్రలు వేసుకుంటున్నారా శెట్టిగారూ?"

"యాడమ్మా. ఎండాకాలంలోనే నిలిపేస్తి."

"ఎందుకు?"

"నిల్లు గదా. ఎండాకాలంలో మధ్యలో ఒకసారి చూపిస్తే గూడా ఏమీ లేదని రాజరత్నం రాసిచ్చినాడు గదా. లేనిదానికి మందెందుకు మింగల్ల?"

"నిల్ అంటే మూత్రంలో ప్రోటీన్ లేదని. పోటు లేదని కాదు."

"ఏదో ఒకటి లేదు గదమ్మా," అన్నాడు గురుమూర్తి.

డాక్టరు ఆయన కళ్ళలో చుక్కలు వేయించి, శనగ బస్తాల గదికి తీసుకువెళ్ళి, కిటికీకి గోనెపట్టా కట్టించింది. చీకట్లో కన్ను చూసే దీపం ఆయన కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది. లోపలి ధమనులు సన్నబడి రాగి తీగల్లా మెరుస్తున్నాయి. అవి సిరల మీదుగా దాటే చోట సిరలు నొక్కుకుపోయాయి. అక్కడక్కడా మంట నాలుకల ఆకారంలో నెత్తుటి చారలు, దూది పింజల్లాంటి తెల్లమచ్చలు. శెట్టికి మాత్రం ఊపిరి బిగబట్టడం కష్టంగా ఉంది.

"ఏం కనపడ్తాందమ్మా లోపల?"

"మాట్లాడకండి."

తర్వాత గుండె గీతలు. రాజరత్నం చేతులకు, కాళ్ళకు పలకలు కట్టి, ఛాతీ మీద జిగురు రాసి, రబ్బరు గిన్నెను ఒక్కొక్క చోట అంటించి యంత్రం నడిపాడు. ఈ పని ఆయన చేతులకే తెలుసు, కళ్ళతో అవసరం తక్కువ. డాక్టరు పట్టీని బల్ల మీద పరిచి చిన్న గళ్ళు లెక్కపెట్టింది. ఛాతీ కుడివైపు గీత కిందికి దిగిన లోతు, ఎడమవైపు గీత పైకి లేచిన ఎత్తు, రెండూ కలిపితే ముప్పై అయిదు గళ్ళు దాటకూడదు. నలభై మూడు వచ్చాయి. పోటుకు ఎదురు నెట్టీ నెట్టీ గుండె ఎడమగది గోడ దళసరి ఎక్కింది.

"మూత్రం?" అన్నది డాక్టరు.

"నిల్లమ్మా," అన్నాడు రాజరత్నం కిటికీ దగ్గర్నుంచి.

"చూసినావామ్మా?" అన్నాడు గురుమూర్తి లేచి చొక్కా తొడుక్కుంటూ. "కన్ను, గుండె ఏమన్నా గానీ. నా కిడ్నీలు రాయి."

డాక్టరుకు ఈ మాట నచ్చలేదు. కంట్లో నెత్తురు చిందింది, గుండె మందమైంది, మూత్రపిండాలు మాత్రం ఏమీ ఎరగనట్టు ఉన్నాయంటే, అలా జరగకూడదని లేదు. కాని ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి గొట్టాన్ని తన చేతిలోకి తీసుకుంది. వెలుతురుకు పట్టి చూసింది. కింది భాగం తేట. పైభాగంలో పొగ, కడిగిన బియ్యం నీళ్ళలా.

"ఆసిడ్ వేశారా?"

"వేసినానమ్మా. నాలుగు చుక్కలు."

"ఇందులోంచి చదివారా?"

"చదివినా."

"ఇంకోసారి చదవండి."

ఆమె ఒక చేత్తో గొట్టం ఎత్తి, రెండో చేత్తో టైంటేబులు కాగితాన్ని దాని వెనుక పట్టుకుంది. రాజరత్నం వంగి, కళ్ళు చిట్లించి, ఎప్పటి గొంతుతో చదివాడు.

"నంద్యాల ఆరూ నలభై. పాణ్యం ఏడూ పది. బేతంచెర్ల ఎనిమిదీ అయిదు."

గురుమూర్తి వెనుక నుంచి తొంగి చూశాడు. చుక్కల వల్ల ఆయనకూ అక్షరాలు అలుక్కునే ఉన్నాయి, అయినా సంగతి రాజరత్నం కన్నా ఆయనకే ముందు అర్థమైంది.

"ఏమప్పా రాజరత్నం," అన్నాడు, "కాగితం తలకిందులుగా ఉంది గదా."

రాజరత్నం చెయ్యి చాపి కాగితాన్ని తడుముకున్నాడు, అది తలకిందులో కాదో వేళ్ళకు తెలుస్తుందన్నట్టు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నది డాక్టరు.

"ఎండాకాలం నుంచమ్మా."

"నాకెందుకు చెప్పలేదు?"

"గట్టు పోతాదని."

"అంటే నాది నిల్లు కాదా?" అన్నాడు గురుమూర్తి. "ఆ అద్దానికి మూడు రూపాయలు పెట్టినానప్పా. నువ్వు రైలు పాట పాడినావ్, నేను మాత్రలు నిలిపినా. బాగుంది మన జత."

డాక్టరు రాజరత్నాన్ని శెట్టి లేచిన కుర్చీలోనే కూర్చోబెట్టి పట్టీ చుట్టింది. రెండువందల పద్నాలుగు, కింద నూట ఇరవై ఎనిమిది. ఆయన కంట్లోనూ చుక్కలు పడ్డాయి. శనగ బస్తాల చీకట్లో ఆమెకు అవే రాగి తీగలు, అవే నెత్తుటి చారలు కనిపించాయి. చూపు నిలిచే చోటు చుట్టూ తెల్లటి మరకలు కూడా పేరుకున్నాయి. అక్షరాలను తినేస్తున్నవి అవే. ఏళ్ళ తరబడి వందల మంది పోటు పరీక్షలకు యంత్రం మోసిన మనిషి చేతికి ఒక్కసారి కూడా ఎవరూ పట్టీ చుట్టలేదు. ఈ విషయంలో తప్పు తనదీ ఉందని డాక్టరు ఆ సాయంత్రం బస్సులో ఒప్పుకుంది. రాజరత్నం వినలేదు. చుక్కల వల్ల ఎండను చూడలేక కండువా కళ్ళకు కట్టుకుని, యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మరునాడు మిగిలిన పరీక్షలు జరిగాయి. రాజరత్నం మూత్రాన్ని రాజరత్నం గట్టు మీదే డాక్టరు కాచింది. ఆయన పక్కన నిలబడి, గొట్టం ఇంకొంచెం వాల్చమని, మంట తగ్గించమని సలహాలు ఇచ్చాడు. ఒక ప్లస్సు. రక్తంలో యూరియా ముప్పై నాలుగు. క్రియాటినిన్‌కు పిక్రిక్ ఆసిడ్ కలిపి, నారింజరంగు తేలాక కొలిచే యంత్రంలో ముల్లును ఆమే చదివింది. ఒకటీ పాయింటు రెండు. సలోమి బడి మానుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"లెక్క బాగుంటే మనిషి బాగున్నట్టా అమ్మా?" అన్నదామె.

"రక్తం లెక్క బాగుంది. కాని అది ఆలస్యంగా చెడుతుంది. సగానికి పైగా పాడైతేగానీ అందులో తెలియదు. మూత్రంలో ప్రోటీన్ ముందే కనపడుతుంది. అందుకే ఆ పొగను చూడగలిగిన కన్ను కావాలి."

"ఆ కన్ను ఈయనకు మళ్ళా వస్తాదా?"

"పోటు దిగితే నెత్తురు ఇంకిపోతుంది. మచ్చలు కరగడానికి నెలలు పడుతుంది. ఎంత వస్తుందో చెప్పలేను. మూడు నెలలు చూస్తాను. చూపు రాకపోతే గట్టు ముందు నిలబడనివ్వలేను, సలోమీ. ఇంకొకరి మాత్రలు ఆపించే నిల్లు నాకొద్దు."

"న్యాయమే," అన్నది సలోమి.

ఆ మూడు నెలలు ఆయన పోటు దించే మిథైల్‌డోపా మాత్రలు, ఒంట్లో ఉప్పునూ నీటినీ దింపే మాత్రలు మింగాడు. సలోమి ఊరగాయ జాడీని పక్కింట్లో దాచింది. పక్కింటివాళ్ళు దాన్ని కాపాడలేదు, తిన్నారు. ఆయనకు గట్టు దగ్గర పని లేదు గనుక ఇంకో పని ఇచ్చారు. ఏప్రిల్ తర్వాత నిల్ రాసిన పోటు రోగులందరినీ వెతికి మళ్ళీ పరీక్షకు పిలవడం. నంద్యాలలో నలభై ఒక్క మంది, ఆళ్ళగడ్డలో ఇరవై రెండు. ఇల్లిల్లూ తిరిగి, మీ మూత్రం గురించి నేను రాసింది నమ్మొద్దని చెప్పాలి. చాగలమర్రి బస్సులో ఒక రోగి కనపడితే బస్సులోనే చెప్పాడు. కొందరు కోప్పడ్డారు, ఎక్కువమంది మజ్జిగ ఇచ్చారు. ఉప్పు వేసి ఇచ్చారు కాబట్టి తాగలేదు.

అరవై ముగ్గురిలో తొమ్మిదిమందికి పొగ తేలింది. గురుమూర్తి ఆ తొమ్మిదిలో మొదటివాడు. ఆయన క్రియాటినిన్ ఒకటీ పాయింటు ఏడు. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాడు. అద్దం పటాన్ని గోడ మీద నుంచి దించి, అందులో లక్ష్మీదేవిని పెట్టాడు. రాజరత్నం కొట్టు ముందుకు వచ్చినప్పుడు మాత్రం పిలిచి కూర్చోబెట్టేవాడు.

"మాత్రలు మింగినావా?"

"మింగినా సెట్టీ. నువ్వు?"

"మింగినా. నువ్వు మింగినావని తెలిస్తేనే నేను మింగేది. ఇంకోసారి మోసపోతానా?"

ఫిబ్రవరిలో పోటు నూట యాభై ఎనిమిది, తొంభై ఆరుకు దిగింది. కంట్లో నెత్తుటి చారలు ఇంకిపోయాయి, తెల్లమరకలు పలచబడ్డాయి. డాక్టరు ఒక కోడిగుడ్డు తెల్లసొనను ఉప్పునీళ్ళలో కలిపి, వడగట్టి, వేరువేరు పాళ్ళలో పలుచన చేసి పది గొట్టాలు సిద్ధం చేసింది. కొన్నింటిలో ఉత్త ఉప్పునీళ్ళే. ఏది ఏదో ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకుంది. గొట్టాల వెనుక పెట్టడానికి తన కాలేజీ పుస్తకంలోంచి, ఆయన ఎన్నడూ చూడని ఒక పుట తీసింది. సలోమి వరండాలో కూర్చుంది. పిల్లల దిద్దుడు పుస్తకాలు తెచ్చుకుంది గాని ఒక్కటీ తెరవలేదు.

రాజరత్నం ఒక్కొక్క గొట్టాన్నీ కాచాడు. ఆసిడ్ చుక్కలు వేశాడు. ఈసారి పైభాగాన్ని కింది భాగంతో పోల్చి చూశాడు. ఒక్కోదానికి అయిదేసి నిమిషాలు పట్టింది. రోగులు బయట దగ్గుతూ ఎదురుచూశారు. ఆయన చెప్పింది డాక్టరు రాసుకుంది. పదీ అయ్యాక చీటీ తీసి సరిచూసింది.

"తొమ్మిది సరి."

"పదోది?"

"ఉత్త నీళ్ళు. మీరు జాడ ఉందన్నారు."

"లేనిదాన్ని ఉందన్నానా?"

"అవును. ఆ తప్పు నాకు ఫరవాలేదు. బయట ఉన్న రోగుల్లో ఒకరిని లోపలికి పంపించండి."

అలా గట్టు ఆయనకే మిగిలింది. 1983లో కాగితపు పుల్లలు వచ్చాయి. మూత్రంలో ముంచి, మారిన రంగును డబ్బా మీది రంగులతో పోల్చుకోవాలి. ఒక్కోదానికి ఒక నిమిషం పడుతుంది. రాజరత్నం మాత్రం పుల్ల చూశాక గొట్టం కూడా కాచి, తన అయిదు నిమిషాలూ తీసుకునేవాడు.